వాయిదాల మీద అమ్మితే వడ్డీని ఏ నెలలో ఎంత చూపించాలి: ఒక ఫ్రిజ్ మీద నాలుగు లెక్కలు

గాజువాకలో హోమ్ అప్లయన్సెస్ షాపు ఉన్న ఒకాయన ఏప్రిల్‌లో మా ఆఫీసుకి రిజిస్టర్ పట్టుకొచ్చారు. సంక్రాంతి సీజన్‌లో చాలా ఫ్రిజ్‌లు వాయిదాల మీద ఇచ్చారు, ఎక్కువ మంది స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళు, జీతం పడ్డ రోజు వచ్చి కట్టి వెళ్ళే మనుషులు. రిజిస్టర్‌లో ప్రతి పేరు పక్కనా మొత్తం వాయిదాల ధర ఒకటే అంకెగా రాసుంది, అదే అమ్మకం కింద ట్యాలీలో కొట్టేశారు. ఇందులో వడ్డీ ఎంతండీ అని అడిగితే "రూపాయి వడ్డీయే కదండీ, దానికి మళ్ళీ వేరే లెక్క ఎందుకు" అన్నారు. ఆ రూపాయి నిజంగా రూపాయి కాదు, పైగా దాన్ని ఎప్పుడు ఆదాయంగా చూపిస్తారో దాన్ని బట్టి లాభం, ట్యాక్స్, కస్టమర్ ముందే బాకీ తీర్చేస్తానంటే చెప్పాల్సిన అంకె, అన్నీ మారిపోతాయి. ఈ డౌట్‌తో వచ్చేవాళ్ళు ఏటా ఉంటారు కాబట్టి ఏ పద్ధతి ఎవరికి సరిపోతుందో ఒక్క ఫ్రిజ్ తీసుకుని మొత్తం లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఒక మాట, ఇక్కడ చెప్పేది వాయిదాల అమ్మకం గురించి, అంటే సరుకు ఇచ్చిన రోజే కస్టమర్ సొంతం అయిపోతుంది, డబ్బు మాత్రం తర్వాత వస్తుంది. ఆఖరి వాయిదా కట్టేదాకా ఓనర్‌షిప్ షాపు దగ్గరే ఉండే హైర్ పర్చేజ్ వేరే సంగతి. అలాగే ఫైనాన్స్ కంపెనీ వాడు మీకు డబ్బు కట్టేసి కస్టమర్ దగ్గర వాడే వసూలు చేసుకునే కేసుల్లో మీకు ఈ గొడవే లేదు, వడ్డీ వాడిది, మీకు అమ్మకం ఒక్కటే.

మన ఫ్రిజ్

డబుల్ డోర్ ఫ్రిజ్. క్యాష్ ఇచ్చి తీసుకెళ్తే 40,000. వాయిదాల్లో అయితే 10,000 డౌన్ పేమెంట్, మిగతా 30,000 మీద ఏడాది పాటు రూపాయి వడ్డీ చొప్పున 3,600 కలిపి 33,600, దాన్ని 12 భాగాలు చేస్తే నెలకి 2,800. జనవరి 1న ఇచ్చారు, ప్రతి నెలాఖరుకి వాయిదా. అంటే మార్చి 31న పుస్తకాలు మూసేటప్పటికి మూడు వాయిదాలు వచ్చేశాయి, తొమ్మిది మిగిలాయి. (లెక్క తేలిగ్గా ఉండటానికి జీఎస్టీని పక్కన పెడుతున్నాను, దాని సంగతి చివర్లో.)

రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకి రూపాయి అని మనందరికీ తెలుసు. కానీ ఆ రూపాయి లెక్క ఏడాది పొడుగునా 30,000 మొత్తం కస్టమర్ దగ్గరే ఉందన్నట్టు వేశారు, నిజానికి ఆయన నెలనెలా అసలు కూడా తీరుస్తున్నాడు. తగ్గుతున్న బాకీ మీద వేస్తే పడే వడ్డీ ఎంతో ఎక్సెల్‌లో ఒక్క లైన్‌లో తెలుస్తుంది:

```
=RATE(12,-2800,30000)
```

దీనికి వచ్చే జవాబు నెలకి 1.788 శాతం, అంటే రూపాయి డెబ్బై తొమ్మిది పైసల వడ్డీ. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద అన్ని పోలికలకీ ఇదే కొలబద్ద. సెల్ 2% అని చూపిస్తే డెసిమల్స్ పెంచి చూడాలి, చాలామంది అక్కడే రెండు రూపాయలు అనుకుని పొరపాటు పడతారు.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

నేనైతే మూడు చూస్తాను. ఒకటి, క్యాష్ ధర 40,000 అమ్మిన రోజే అమ్మకంగా పడుతోందా, వడ్డీ 3,600 దాంట్లో కలవకుండా ఉందా. రెండు, వడ్డీ ఏ నెలకి ఆ నెల కస్టమర్ దగ్గర ఉన్న బాకీని బట్టి పడుతోందా. ఈ రెండూ నా సొంత ఇష్టాలు కావు, ఆదాయం గురించి మన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 9 చెప్పేది కూడా ఇదే: వాయిదాల్లో అమ్మితే వడ్డీ తీసేసిన ధరని అమ్మిన రోజు ఆదాయంగా చూపించాలి, వడ్డీ భాగాన్ని కట్టని బాకీకి తగ్గ నిష్పత్తిలో చూపించాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు ఐసీడీఎస్ 4 కూడా వడ్డీని మిగిలిన బాకీ, రేటు చూసి కాలాన్ని బట్టి లెక్కేయమంటుంది.

మూడోది పుస్తకాల్లో ఉండదు, కౌంటర్ దగ్గర ఉంటుంది. కస్టమర్ మధ్యలో వచ్చి మొత్తం తీర్చేస్తాను ఎంతివ్వాలి అంటే మీ పుస్తకం చెప్పే అంకె న్యాయంగా ఉందా. నా దృష్టిలో పద్ధతి మంచిదో కాదో తేల్చే అసలు పరీక్ష ఇదే.

మార్చి 31 నాటికి నాలుగు పద్ధతుల్లో ఆ ఒక్క ఫ్రిజ్ ఇలా కనిపిస్తుంది:

| పద్ధతి | అమ్మకం | మూడు నెలల వడ్డీ | ఇంకా రావాల్సిన వడ్డీ | పుస్తకం ప్రకారం బాకీ |
|---|---|---|---|---|
| మొత్తం మొదటి రోజే | 43,600 | విడిగా లేదు | లేదు | 25,200 |
| వడ్డీ నెలకి సమానంగా | 40,000 | 900 | 2,700 | 22,500 |
| 78 లెక్క | 40,000 | 1,523 | 2,077 | 23,123 |
| తగ్గే బాకీ మీద | 40,000 | 1,487 | 2,113 | 23,087 |

మొత్తం మొదటి రోజే

గాజువాక ఆయన చేసింది ఇదే. పని ఏమీ ఉండదు, ఒక్క ఎంట్రీ. కానీ డిసెంబర్ దాకా సంపాదించాల్సిన వడ్డీ కూడా జనవరి 1నే లాభంలోకి వచ్చేసింది, అంటే మార్చికి ఒక్కో ఫ్రిజ్ మీద 2,113 రూపాయల లాభం ముందే చూపించారు, దాని మీద ట్యాక్స్ కూడా ఏడాది ముందే కట్టే పరిస్థితి. పార్ట్‌నర్‌షిప్ అయితే ఇంకా చిక్కు, ఇంకా రాని వడ్డీని కూడా లాభం అనుకుని పార్ట్‌నర్లు డ్రాయింగ్స్ తీసేసుకుంటారు. పైగా షాపు మార్జిన్ అసలు ఎంతో తెలీదు, ఫ్రిజ్ మీద వచ్చిందీ అప్పు మీద వచ్చిందీ ఒకే కుప్పలో ఉంటాయి, రేపు వాయిదాల స్కీమ్ ఆపేస్తే గ్రాస్ ప్రాఫిట్ ఎందుకు పడిపోయిందో అర్థం కాదు.

అసలు దెబ్బ ఏప్రిల్ 1న తగిలింది. ఒక కస్టమర్, రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్న పెద్దాయన, పీఎఫ్‌లోంచి కొంత తీసుకుని వచ్చి "బాబూ, నా లెక్క తేల్చెయ్యి, మొత్తం కట్టేస్తాను" అన్నారట. పుస్తకంలో 25,200 ఉంది, షాపు కుర్రాడు అదే చెప్పాడు. ఆయన కోప్పడలేదు, "తొమ్మిది నెలలు నీ డబ్బు నా దగ్గర ఉండనప్పుడు ఆ వడ్డీ నేనెందుకు ఇవ్వాలి" అని మాత్రం అడిగారు, దానికి జవాబు లేదు. చివరికి 23,000కి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ తగ్గించిన 2,200 ఈ ఏడాది ఖర్చు కింద పడింది, లాభం మాత్రం పోయిన ఏడాది చూపించేశారు.

దీనికి తోడు "నో కాస్ట్, జీరో వడ్డీ" అని బోర్డు పెట్టి 43,600 ఒకటే ధర రాసే షాపులు ఉన్నాయి. క్యాష్ ఇచ్చే మనిషికి అదే ఫ్రిజ్ 40,000కి ఇస్తున్నారంటే బోర్డు మీద ఏం రాసినా 3,600 వడ్డీయే, పుస్తకంలో విడదీయాల్సిందే. అందుకే క్యాష్ ధరకి రుజువుగా అదే నెలలో అదే మోడల్ క్యాష్‌కి అమ్మిన బిల్లు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోమంటాను, ఆడిటర్ మొదట అడిగేది అదే.

డబ్బు వచ్చినప్పుడల్లా ఆ మేరకే లాభం చూపిస్తాం అనేవాళ్ళు కూడా అక్కడక్కడా ఉన్నారు. వసూలవుతుందో లేదో నిజంగా తెలియని కేసు అయితే తప్ప ఇది కుదరదు, నెలనెలా కట్టేవాళ్ళ విషయంలో అమ్మకాన్ని వాయిదా వేసి చూపించడానికి కారణం లేదు, అందుకే దీన్ని టేబుల్‌లో కూడా పెట్టలేదు.

వడ్డీ నెలకి సమానంగా

3,600ని 12తో భాగిస్తే 300. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. వడ్డీని విడదీయడం మొదలుపెట్టిన ప్రతి షాపూ ముందు దీంట్లోకే వస్తుంది, మొదటి పద్ధతి కంటే ఎంతో నయం.

లోపం ఎక్కడుందో చూడండి. జనవరిలో బాకీ 30,000, వడ్డీ 300, సరిగ్గా రూపాయి వడ్డీ. ఈ పద్ధతిలో పుస్తకంలో బాకీ నెలకి 2,500 చొప్పున తగ్గుతుంది కాబట్టి డిసెంబర్ మొదట్లో మిగిలేది 2,500. దాని మీద కూడా 300 అంటే పన్నెండు రూపాయల వడ్డీ! ఒకే మనిషి, ఒకే ఫ్రిజ్, ఒకే కాగితం, వడ్డీ మాత్రం రూపాయి నుంచి పన్నెండు రూపాయల దాకా పోయింది. ఇలా జరగడానికి కారణం, వాయిదా సమానంగా ఉంది కదా దాంట్లో వడ్డీ కూడా సమానంగా ఉంటుంది అనుకోవడమే. నిజానికి మొదటి 2,800లో వడ్డీ 536, ఆఖరి 2,800లో వడ్డీ 49.

మార్చికి తేడా ఒక్క ఫ్రిజ్ మీద 587. వంద ఫ్రిజ్‌లు ఇచ్చి ఉంటే 58,700 లాభం తక్కువగా కనిపిస్తుంది. ఏడాది పొడుగునా ఒకే రకంగా అమ్మే షాపుకి పోయిన ఏడాది వెనకబడ్డది ఈ ఏడాది వచ్చి చాలావరకు సర్దుకుంటుంది, కానీ మన దగ్గర సంక్రాంతికీ, ఎండలు మొదలయ్యాక ఏసీలకీ, అంటే సరిగ్గా మార్చి ముందే, అమ్మకాలు గుంపుగా వస్తాయి, అక్కడ సర్దుకోవడం ఉండదు. ముందే తీర్చేసే కస్టమర్‌కి ఈ పుస్తకం 22,500 అని చెప్తుంది, ఆ అంకెకి ఒప్పుకుంటే షాపు తనకి న్యాయంగా రావాల్సిన 587 వదులుకున్నట్టే.

78 లెక్క

పాత అకౌంటెంట్లకి ఇదంటే ప్రేమ, నాకూ ఇష్టమే. 12 నుంచి 1 దాకా అంకెలన్నీ కూడితే 78. మొదటి నెలకి 3,600లో 78కి 12 వంతులు, అంటే 554. రెండో నెలకి 11 వంతులు, 508. మూడో నెలకి 10 వంతులు, 462. అలా దిగుతూ ఆఖరి నెలకి ఒక్క వంతు, 46. రేటు కనుక్కోవాల్సిన పని లేదు, కాగితం మీద వేసుకోవచ్చు.

ఇది గాల్లోంచి పుట్టిన లెక్క కాదు. జనవరిలో కట్టాల్సిన వాయిదాలు 12, ఫిబ్రవరిలో 11, మార్చిలో 10. అంటే కట్టాల్సిన మొత్తం వాయిదాల బాకీకి తగ్గ నిష్పత్తిలోనే వడ్డీ పంచుతున్నాం, ఏఎస్ 9 మాటకి దగ్గరగానే ఉంది. కాకపోతే ఆ బాకీలో ఇంకా సంపాదించని వడ్డీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి మొదటి నెలల్లో వడ్డీ కొంచెం ఎక్కువ పడుతుంది. 12 నెలల ప్లాన్‌లో ఆ తేడా మార్చికి 36 రూపాయలే, ఏ ఆడిటరూ దాని గురించి గొడవ పడడు.

ప్లాన్ పొడవు పెరిగితే మాత్రం జాగ్రత్త. అదే 30,000ని అదే రూపాయి వడ్డీ మీద 24 నెలలకి ఇచ్చారనుకోండి, వడ్డీ 7,200, వాయిదా 1,550. ఇప్పుడు అంకెల మొత్తం 300 అవుతుంది, మొదటి మూడు నెలలకి 69 వంతులు, అంటే 1,656. తగ్గే బాకీ మీద వేస్తే వచ్చేది 1,563. తేడా 36 నుంచి 93కి వెళ్ళింది. ముందే తీర్చేసే కస్టమర్ నెత్తిన ఆ 93 పడుతుంది కాబట్టి ఏడాది దాటిన ప్లాన్లకి నేను దీన్ని వద్దంటాను. వాయిదాలు సమానంగా లేకపోయినా, దసరా నెలలో డబుల్ కట్టే స్కీమ్ లాంటివి ఉన్నా కూడా ఇది పనికిరాదు.

తగ్గే బాకీ మీద

పైన వచ్చిన 1.788 శాతాన్ని ప్రతి నెలా మిగిలిన అసలు మీద వేయడమే. జనవరి: 30,000 మీద వడ్డీ 536, కట్టింది 2,800, అసలులో తగ్గింది 2,264, మిగిలింది 27,736. ఫిబ్రవరి: వడ్డీ 496, మిగిలింది 25,432. మార్చి: వడ్డీ 455, మిగిలింది 23,087. మూడు నెలల వడ్డీ కలిపితే 1,487.

మొదటి నెల నుంచి ఆఖరి నెల దాకా రూపాయి డెబ్బై తొమ్మిది పైసలే, ఎక్కడా మారదు. ఏప్రిల్ 1న ఆ పెద్దాయన వచ్చినా చెప్పాల్సిన అంకె రెడీగా ఉంటుంది: 23,087. ఆయన ఎందుకు అని అడిగితే షెడ్యూల్ ప్రింట్ చేసి చేతిలో పెట్టొచ్చు.

ఎంట్రీలు ఇలా ఉంటాయి. అమ్మిన రోజు కస్టమర్ ఖాతాకి 43,600 డెబిట్, అమ్మకానికి 40,000 క్రెడిట్, "ఇంకా సంపాదించని వడ్డీ" అని ఒక లెడ్జర్ తెరిచి దానికి 3,600 క్రెడిట్. నెలాఖరుకి ఆ లెడ్జర్‌ని 536తో డెబిట్ చేసి వడ్డీ ఆదాయానికి క్రెడిట్. కస్టమర్ డబ్బు కడితే మామూలు రిసీట్, దాన్ని అసలూ వడ్డీ అని విడగొట్టే పనే లేదు. బ్యాలెన్స్ షీట్‌లో బాకీలోంచి ఈ లెడ్జర్ మిగులు తీసేసి చూపించాలి.

తప్పు పడిందో లేదో తెలుసుకోవడం తేలిక. రావాల్సిన వాయిదాలు 9 × 2,800 = 25,200, దాంట్లోంచి సంపాదించని వడ్డీ 2,113 తీసేస్తే 23,087 రావాలి, అది షెడ్యూల్‌లో మిగిలిన అసలుతో కలవాలి. ఆఖరి వాయిదా అయ్యాక ఆ లెడ్జర్ సున్నా అవ్వాలి, పైసల రౌండింగ్ మిగిలితే ఆఖరి నెలలో సర్దండి. వందల్లో మిగిలితే ఎక్కడో ఒక నెల ఎంట్రీ మర్చిపోయారని అర్థం.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటి: వాయిదా తేదీ 10 అయితే మార్చి 10 నుంచి 31 దాకా పేరుకున్న వడ్డీని వదిలేస్తారు. డబ్బు ఏప్రిల్ 10న వచ్చినా ఆ 21 రోజుల వడ్డీ మార్చి ఆదాయమే.

కట్టడం ఆపేసిన కస్టమర్ సంగతి కూడా ఉంది. షెడ్యూల్ దాని పాటికి అది వడ్డీ ఇస్తూనే ఉంటుంది, మనిషి ఊరొదిలి వెళ్ళిపోయినా సరే. వసూలు మీద నిజంగా అనుమానం వచ్చిన నెల నుంచి ఆ ఖాతాకి వడ్డీ ఎంట్రీ ఆపండి, అప్పటికే చూపించిన బాకీకి ప్రొవిజన్ గురించి విడిగా ఆలోచించండి, పాత అమ్మకాన్ని వెనక్కి తిప్పొద్దు.

ఎవరికి ఏది

నెలకి అయిదారు వస్తువులు, మూడు నాలుగు నెలల ప్లాన్లు, సీజన్ కూడా పెద్దగా లేదు అనుకునే చిన్న షాపుకి సమానంగా పంచినా పెద్ద నష్టం లేదు, క్యాష్ ధరని విడదీస్తే చాలు. కానీ మార్చి ముందు సీజన్ ఉంటే 78 లెక్కకి వెళ్ళండి, శ్రమ అంతే, ఫలితం దాదాపు కరెక్ట్.

ఏడాది దాటిన ప్లాన్లు ఇచ్చేవాళ్ళు, పార్ట్‌నర్లు ఉన్నవాళ్ళు, బ్యాంక్ దగ్గర సీసీ లిమిట్ కోసం బ్యాలెన్స్ షీట్ ఇచ్చేవాళ్ళు, ముందే తీర్చేసే కస్టమర్లు ఎక్కువగా ఉన్నవాళ్ళు, వీళ్ళంతా తగ్గే బాకీ పద్ధతి ఒక్కటే పట్టుకోండి. గాజువాక ఆయన్ని కూడా దీంట్లోకే మార్చాం, మోడల్‌కో ఎక్సెల్ షీట్ చేసి ఇచ్చాక అకౌంట్స్ చూసే అమ్మాయికి నెలకి ఒక పూట పని.

లిస్టెడ్ కంపెనీ, లేదా 250 కోట్లకి తగ్గని నెట్‌వర్త్ ఉన్న కంపెనీ అయితే ఏఎస్ 9 కాదు, ఇండ్ ఏఎస్ 115 వర్తిస్తుంది. అందులో సరుకు ఇవ్వడానికీ డబ్బు రావడానికీ మధ్య ఏడాది లేదా అంతకన్నా తక్కువ ఉంటే వడ్డీ విడదీయకుండా వదిలేసే వెసులుబాటు ఉంది, అంటే మన 12 నెలల ఫ్రిజ్‌కి వాళ్ళు 43,600 మొత్తం అమ్మకంగా చూపించినా తప్పు కాదు. ఏడాది దాటితే విడదీయాల్సిందే, వడ్డీ తగ్గే బాకీ పద్ధతిలోనే. ఏఎస్ 9లో ఆ వెసులుబాటు లేదు, కాబట్టి పెద్ద చెయిన్ స్టోర్ ఇలా చేసింది కదా అని మన షాపు చేయకూడదు.

జీఎస్టీ గురించి చెప్తానన్నాను. వస్తువు బిల్లు కొట్టిన నెల లెక్కలోనే ఆ బిల్లు మొత్తం మీద ట్యాక్స్ కట్టాలి, వాయిదాలు వచ్చేదాకా ఆగదు, అందుకే డౌన్ పేమెంట్ కనీసం ఆ ట్యాక్స్‌కి సరిపోయేలా పెట్టుకోండి. లేటుగా కట్టినందుకు వేసే పెనాల్టీ వడ్డీ కూడా సరుకు విలువలోనే కలుస్తుందని 2019 జూన్‌లో వచ్చిన 102 నంబర్ సర్క్యులర్ చెప్పింది, అందులో ఉదాహరణ కూడా 40,000 ఫోన్‌ని నెలకి 11,000 చొప్పున నాలుగు వాయిదాలకి ఇచ్చినదే. కాబట్టి పుస్తకాల్లో వడ్డీ లెడ్జర్ వేరే ఉంది కదా అని దాని మీద జీఎస్టీ ఉండదని మీకు మీరే తేల్చేసుకోకండి, బిల్లు ఎలా రాయాలో మీ ఆడిటర్‌తో స్కీమ్ మొదలుపెట్టకముందే మాట్లాడండి.

పద్ధతి మార్చాలనుకుంటే ఏప్రిల్ 1న మార్చండి. అప్పటికి నడుస్తున్న ప్రతి ఖాతాకీ మొదటి రోజు నుంచి షెడ్యూల్ మళ్ళీ వేసి, మార్చి 31కి సంపాదించని వడ్డీ ఎంత ఉండాలో తేల్చి, తేడాని ఒకే ఎంట్రీలో సర్దాలి, ఆ అంకె ఎంతో నోట్స్‌లో చెప్పాలి. మూసేసిన ఖాతాల జోలికి వెళ్ళక్కర్లేదు.